ఎండిన లాన్ ఫొటోని పచ్చగా మార్చడం: రంగు కన్నా ముందు వెలుగు లెక్క

ఎండు గడ్డి ఉన్న ఫొటోని ఫొటోషాప్‌లో తెరిచి, Hue/Saturation స్లైడర్‌ని ఆకుపచ్చ వైపు జరిపితే గడ్డి నిమిషంలో పచ్చబడుతుంది. కానీ చూసినవాళ్లు దాన్ని గడ్డి అనరు, ప్లాస్టిక్ చాప పరిచారా అని అడుగుతారు. రంగు ఇంకాస్త పెంచితే ఇంకా పాడవుతుంది, తగ్గిస్తే జబ్బు చేసిన గడ్డిలా కనిపిస్తుంది. స్లైడర్ ఎక్కడ ఆపినా కుదరదు. ఎందుకంటే తేడా రంగులో మాత్రమే లేదు.

ఆరోగ్యంగా ఉన్న గడ్డి ఆకులో క్లోరోఫిల్ ఎరుపు, నీలం కాంతిని బాగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చని మాత్రం కొంత వెనక్కి పంపుతుంది. అది కూడా మరీ ఎక్కువేమీ కాదు, అందుకే పచ్చటి లాన్ మనం అనుకునేదానికన్నా చీకటిగా ఉండే వస్తువు. గడ్డి ఎండినప్పుడు క్లోరోఫిల్ విరిగిపోతుంది. పసుపు వర్ణకాలు కొంతకాలం మిగిలి అవీ పోతాయి. చివరికి ఉండేది ఎండుగడ్డి పోచ, అది తన మీద పడ్డ వెలుగులో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. అంటే ఎండిన లాన్ గోధుమ రంగులో ఉండటమే కాదు, పచ్చటి లాన్ కన్నా చాలా తెల్లగా కూడా ఉంటుంది. స్లైడర్ రంగు పేరు మారుస్తుంది కానీ ఆ తెలుపుని అలాగే వదిలేస్తుంది. ఇబ్బందంతా అక్కడే.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఒక ఊహాజనిత ఫొటో తీసుకుందాం: ఇంటి ముందు ఎండిన లాన్, వెనక తెల్ల గోడ, గోడ పక్కన ఖాళీ మట్టి పాదు. నర్సరీ కేటలాగులో పొద మొక్కల పేజీకి నేపథ్యంగా ఇదే కావాలి. ఎండ పడుతున్న చోట గడ్డి సగటు రంగు R 188, G 166, B 120 అనుకుందాం. రంగుల చక్రంలో ఇది సుమారు 41 డిగ్రీల దగ్గర, అంటే నారింజకీ పసుపుకీ మధ్య ఉంటుంది. HSL లెక్కలో లైట్‌నెస్ 60 శాతం. దీన్ని స్లైడర్‌తో 45 డిగ్రీలు తిప్పితే వచ్చేది R 158, G 188, B 120. లైట్‌నెస్ మళ్లీ అదే 60 శాతం. చూడటానికి వెలిసిపోయిన పుదీనా రంగులా ఉంటుంది. ఇప్పుడు అలాంటి ఎండలోనే తీసిన నిజమైన పచ్చటి లాన్ నుంచి ఒక సగటు తీస్తే R 98, G 118, B 52 లాంటి అంకెలు వస్తాయి. రంగు 78 డిగ్రీలు, లైట్‌నెస్ 33 శాతం. వెలుగు దాదాపు సగానికి పడిపోయింది చూడండి.

ఇంకో సంగతి కూడా గమనించాలి. రంగుల చక్రంలో శుద్ధమైన ఆకుపచ్చ 120 డిగ్రీల దగ్గర ఉంటుంది. గడ్డి అక్కడికి దరిదాపుల్లో కూడా లేదు, పసుపుకే దగ్గరగా ఉంది. మన జ్ఞాపకంలో గడ్డి రంగు అసలు గడ్డి కన్నా ఎక్కువ ఆకుపచ్చగా, గాఢంగా ఉంటుంది. అందుకే ఎడిటింగ్ చేసేవాళ్లు ఎప్పుడూ లక్ష్యాన్ని దాటి వెళ్లిపోతారు. కంటిని నమ్మకుండా ఒక రిఫరెన్స్ ఫొటోని పక్కన తెరిచి పెట్టుకుని అంకెలు చూడమని చెప్పేది ఇందుకే.

ఆ రిఫరెన్స్ ఎంపిక ఆషామాషీగా చేయకూడదు. ఒకే లాన్‌ని సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీస్తే ఒక రంగు, సూర్యుడి వైపు తిరిగి తీస్తే ఇంకో రంగు వస్తుంది. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు వెలుగు గడ్డి ఆకుల గుండా దూరి మన వైపు వస్తుంది, అప్పుడు పచ్చదనం పసుపు వైపు జరిగి మెరుస్తుంది. మైదానాల్లో కనిపించే ముదురు, లేత చారలు కూడా రెండు రకాల గడ్డి వల్ల వచ్చేవి కావు. గడ్డి కోసే మిషన్ వెళ్లిన దిశను బట్టి ఆకులు ఒకచోట మన వైపు, ఇంకోచోట అటువైపు వాలి ఉంటాయి, అంతే. కాబట్టి రిఫరెన్స్ ఫొటోలో సూర్యుడు మన ఫొటోలో ఉన్న వైపే ఉండాలి, కెమెరా ఎత్తు కూడా దాదాపు అంతే ఉండాలి.

ఇప్పుడు పని. Hue/Saturation పక్కన పెట్టి Curves అడ్జస్ట్‌మెంట్ లేయర్ తీసుకోండి. ఐడ్రాపర్‌ని ఒక్క పిక్సెల్ మీద కాకుండా 31 by 31 Average లో పెట్టండి, లేకపోతే ఒక పోచ రంగు, దాని పక్క నీడ రంగు వేర్వేరుగా వచ్చి అంకెలు గందరగోళం చేస్తాయి. తర్వాత మూడు ఛానళ్లలో విడివిడిగా ఒక్కో పాయింట్ పెట్టాలి. ఎరుపులో 188 ని 98 కి దించండి. ఆకుపచ్చలో 166 ని 118 కి. నీలంలో 120 ని 52 కి. ఇక్కడ మనం ఆకుపచ్చని పెంచడం లేదు, అది కూడా తగ్గుతోంది. ఎరుపు 90, నీలం 68 అంకెలు తగ్గితే ఆకుపచ్చ 48 మాత్రమే తగ్గింది. క్లోరోఫిల్ నిజంగా చేసే పని కూడా ఇదే, ఎరుపుని, నీలాన్ని మింగేయడం. అందుకే ఫలితం సహజంగా కుదురుతుంది. పోచల మధ్య ఉన్న నల్లటి సందులు సున్నాకి దగ్గరగా ఉంటాయి కాబట్టి అవి పెద్దగా కదలవు. గడ్డి లోతు చెడదు.

ఇక్కడితో ఆపితే ఒక లోపం మిగులుతుంది. బాగా ఎండ తగిలిన పోచల కొనలు 230, 240 దాకా ఉంటాయి. మధ్య పాయింట్‌ని కిందికి లాగాం కానీ కర్వ్ పై చివర ఇంకా 255 దగ్గరే ఉంది. దాంతో మధ్య నుంచి పైకి గీత నిటారుగా లేచి, కొనలన్నీ మంచు కురిసినట్టు తెల్లగా మెరుస్తాయి. పచ్చటి లాన్‌లో అక్కడక్కడా తెల్ల దారాలు కనిపిస్తే తప్పు ఇదేనని అనుకోవచ్చు. పై చివరని కూడా దించాలి: ఎరుపులో 255 ని సుమారు 150 కి, ఆకుపచ్చలో 185 కి, నీలంలో 95 కి. అప్పుడు కొనలు లేత పసుపుపచ్చకి వస్తాయి, నిజమైన లాన్‌లో ఎండ తగిలిన కొనలు కూడా అలాగే ఉంటాయి. ఇంత గట్టిగా కర్వ్ వంచుతున్నాం కాబట్టి ఫైల్ 16 బిట్‌లో ఉంటే మంచిది. కుదించిన జేపెగ్ మీద చేస్తే నీడల్లో రంగు మచ్చలు తేలతాయి.

మాస్క్ దగ్గర చాలామంది Color Range కి అలవాటు పడి ఇరుక్కుంటారు. ఎండు గడ్డి రంగు, ఇటుక రంగు, మట్టి దారి రంగు, చెక్క కంచె రంగు, మనుషుల చర్మం రంగు దాదాపు ఒకే చోట ఉంటాయి. గడ్డిని క్లిక్ చేస్తే సగం ఇల్లు కూడా ఎంపికైపోతుంది. లాన్ హద్దుని చేత్తో లాసోతో గీయడం మొరటు పనిలా అనిపించినా అదే తొందరగా అవుతుంది. హద్దు చివర మాత్రం గీతలా ఉండకూడదు. గడ్డి దారి మీదికి పోచలు పోచలుగా వాలుతుంది కాబట్టి, గడ్డి ఆకారం ఉన్న సన్నటి బ్రష్‌తో మాస్క్ అంచుని చెదరగొట్టాలి. ముందున్న అంచుకి పెద్ద బ్రష్, దూరంగా ఉన్న అంచుకి చిన్నది.

మట్టి బయటపడ్డ చోట్ల కర్వ్ ఏమీ చేయలేదు. అక్కడ పోచలే లేవు, పచ్చగా మారేది మట్టి. ఎండిన లాన్‌లో ఇలాంటి ఖాళీలు ఎప్పుడూ ఉంటాయి, పచ్చ మట్టి కనిపించిందంటే బొమ్మ పట్టుబడినట్టే. ఆ చోట్ల గడ్డి నేత తెచ్చి పెట్టక తప్పదు. అదే ఫొటోలో దట్టంగా ఉన్న భాగం నుంచి Clone Stamp తో తీసుకోవచ్చు, కానీ పైకీ కిందికీ కాకుండా అడ్డంగానే. ఫొటోలో ఒకే ఎత్తులో ఉన్న గడ్డి అంతా కెమెరాకి దాదాపు ఒకే దూరంలో ఉంటుంది, పోచల సైజు కలుస్తుంది. ముందున్న గడ్డిని తెచ్చి వెనక అతికిస్తే అక్కడ పోచలు చెరకు గడల్లా లేస్తాయి. క్లోన్ చేసే లేయర్‌ని Curves లేయర్‌కి కింద పెట్టుకోండి. అప్పుడు అతుకులు కూడా అదే కర్వ్ గుండా పోయి అదే పచ్చదనం తెచ్చుకుంటాయి.

ఇక మొత్తం లాన్ ఒకే పచ్చగా ఉంటే అది కూడా అనుమానమే. నీళ్లు కొంచెం తక్కువ అందిన చోటు, చెట్టు కింద చోటు, నడిచే చోటు ఎప్పుడూ తేడాగా ఉంటాయి. దీనికి సులువైన పద్ధతి ఉంది. మొదటి Curves లేయర్ మీద కాస్త పసుపు ఎక్కువున్న రెండోది పెట్టి, దాని మాస్క్‌లో Filter మెనూలోని Clouds నింపి, బాగా బ్లర్ చేసి, ఒపాసిటీ 25 శాతం దగ్గర ఉంచడం. మబ్బు మచ్చలు గుండ్రంగా ఉంటే లాన్ నిలబడ్డ గోడలా అనిపిస్తుంది. Free Transform తో వాటిని పైనుంచి కిందికి నొక్కి, వెడల్పుగా చదును చేస్తే నేల మీద పరుచుకున్నట్టు కుదురుతాయి.

తెల్ల గోడని మర్చిపోకూడదు. ఎండలో ఉన్న ఎండు గడ్డి తన మీద పడ్డ వెలుగుని గోడ అడుగు భాగం మీదికి వెచ్చటి గోధుమ రంగులో విసురుతుంది. ఆ గోధుమ ఛాయ ఫొటోలో ఇప్పటికే ఉంది. లాన్ పచ్చబడ్డాక గోడ కింద గోధుమ ఛాయ అలాగే ఉంటే, ఎక్కడో పొసగలేదని చూసేవాళ్లకి తెలిసిపోతుంది, ఎక్కడో మాత్రం చెప్పలేరు. గోడ కింది భాగం మీద Color మోడ్‌లో ఒక లేయర్ పెట్టి, గడ్డి పచ్చని 5 శాతం ఒపాసిటీతో, పైకి పోయేకొద్దీ మాయమయ్యేలా పూయాలి. తెల్ల కుండీల అడుగు భాగానికి కూడా ఇంతే.

మొక్కలు పెట్టే పనికి వద్దాం. గోడ పక్కన ఖాళీ పాదులో 1.2 మీటర్ల పొద కావాలి. అది ఎంత పెద్దగా ఉండాలో కంటి అంచనాతో పెట్టేవాళ్లే ఎక్కువ, అందుకే కేటలాగుల్లో తలుపు కన్నా ఎత్తున్న గులాబీలు, మోకాలంత మామిడి చెట్లు కనిపిస్తుంటాయి. నిజానికి దీనికి ఒక చిన్న లెక్క ఉంది. సమతలమైన నేల మీద, కెమెరాని తిన్నగా పట్టుకుని తీసిన ఫొటోలో క్షితిజ రేఖ ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. కెమెరా 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే, నేల మీద మీరు ఏ చోటు తీసుకున్నా అక్కడి నుంచి క్షితిజ రేఖ దాకా ఉన్న ఎత్తు 1.5 మీటర్లే. దగ్గరైనా అంతే, దూరమైనా అంతే. ఇంటి గోడలు, దారి అంచులు వెనక్కి వెళ్తూ కలిసే బిందువుని గీసి చూస్తే క్షితిజ రేఖ దొరుకుతుంది.

మన ఫొటోలో అది పైనుంచి 900వ పిక్సెల్ వరసలో ఉంది అనుకోండి. పాదులో పొద మొదలు 1400వ వరసలో ఆనుతుంది. మధ్యలో 500 పిక్సెళ్లు, అవి 1.5 మీటర్లు. కాబట్టి 1.2 మీటర్ల పొద అక్కడ 400 పిక్సెళ్లు ఉండాలి. అదే పొదని ఇంకా వెనక, 1150వ వరసలో నాటితే 250 పిక్సెళ్లు 1.5 మీటర్లు, పొద 200 పిక్సెళ్లే. ఎత్తు తెలిసిన తలుపో మెట్టో ఉంటే దానితో ఓసారి సరిచూసుకోండి. నేల వాలుగా ఉంటే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు పక్కనున్న వస్తువుల ఎత్తే ఆధారం.

తర్వాత నీడ. ఫొటోలో నిజంగా ఉన్న నిలువు వస్తువుని, కంచె గుంజనో దీపం స్తంభాన్నో వెతికి, దాని నీడ ఎటు పడింది, వస్తువు ఎత్తుకి ఎన్ని రెట్లుంది అన్నవి చూసుకోవాలి. కొత్త నీడ అదే దిశలో, అదే నిష్పత్తిలో పడాలి. పొద లేయర్‌ని డూప్లికేట్ చేసి, ముదురు రంగు నింపి, Distort తో నేల మీద వాల్చి, Multiply మోడ్‌లో పెడితే ఆకారం వస్తుంది. ముదురు రంగంటే నలుపు కాదు. ఎండ నేరుగా తగలని చోట ఆకాశం వెలుగు మాత్రమే పడుతుంది కాబట్టి నీడలో నీలం ఛాయ ఉంటుంది. ఉన్న నీడ నుంచే రంగు తీసుకోవడం తేలిక. అంచుల సంగతికొస్తే, సూర్యుడు మనకి సుమారు అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం కాబట్టి నీడ అంచు దూరంతో పాటు చెదురుతుంది. నీడ వేసే కొమ్మకీ నేలకీ మధ్య ప్రతి మీటరు దూరానికి దాదాపు ఒక సెంటీమీటరు మసక వస్తుంది. మొదలు దగ్గర నీడ కత్తిరించినట్టు, పై కొమ్మల నీడ మెత్తగా ఉండాలన్నమాట. మొత్తం నీడకి ఒకే బ్లర్ ఇస్తే పొద గాలిలో తేలుతుంది. మొదలు ఆనిన చోట సన్నటి గాఢమైన చీకటి ఒకటి విడిగా వేసి, మట్టి గడ్డలో, ఎండుటాకులో నాలుగైదు మొదలు మీదికి తెస్తే అది నాటినట్టు కుదురుకుంటుంది.

పొద ఫొటో ఎంచుకునేటప్పుడే సగం పని అయిపోవాలి. వెలుగు ఎడమ నుంచి వస్తున్న దృశ్యంలో కుడి నుంచి వెలుగు పడ్డ మొక్కని పెట్టి, తర్వాత బ్రైట్‌నెస్‌తో సరిచేద్దాం అనుకుంటే అది జరగని పని. అడ్డంగా తిప్పేస్తే చాలు కదా అంటారు. పొదలకి చాలావరకు చెల్లుతుంది. తీగలకి చెల్లదు. చుట్టుకుంటూ ఎగబాకే తీగల్లో ఒక్కో జాతికి మెలి తిరిగే దిశ సాధారణంగా స్థిరంగా ఉంటుంది. ఫొటో తిప్పితే ఆ మెలి తలకిందులవుతుంది. మామూలు కొనుగోలుదారు గుర్తుపట్టకపోవచ్చు, కానీ మొక్కల కేటలాగు చదివేవాళ్లలో గుర్తుపట్టేవాళ్లు ఉంటారు. కత్తిరించినప్పుడు ఆకుల చుట్టూ మిగిలే లేత అంచు ఇంకో చిక్కు. తెల్ల నేపథ్యంలో తీసిన మొక్కని ముదురు గోడ ముందు పెడితే ప్రతి ఆకుకీ తెల్ల గీత కనిపిస్తుంది. Select and Mask లో ఉన్న Decontaminate Colors దీన్ని చాలావరకు తీసేస్తుంది. అసలు మొక్కని బూడిద రంగు గుడ్డ ముందు తీసి ఉంటే ఈ బెడదే ఉండదు.

ఇక్కడే కేటలాగుకి ప్రత్యేకమైన ఒక గీత గీసుకోవాలి. లాన్ నేపథ్యం, పొద అమ్మకపు సరుకు. లాన్ మీద పెట్టిన కర్వ్ పొద మీద పడకూడదు. దృశ్యానికి కలవాలని పొద రంగుని మార్చడం మొదలుపెడితే, కొన్నవాళ్లకి చేతికొచ్చేది ఆకు రంగు వేరే, పువ్వు రంగు వేరే. మొక్కని గ్రే కార్డు పెట్టి తీసి, వైట్ బ్యాలెన్స్ సరిచేసి, ఆ రంగుని ముట్టుకోకుండా దృశ్యాన్నే మొక్కకి దగ్గరగా తేవడం నాకు సరైన క్రమం అనిపిస్తుంది. దృశ్యమే వెచ్చగా ఉంటే దాన్ని చల్లబరచాలి, మొక్కని వెచ్చబరచకూడదు. పరిమాణం విషయంలోనూ అంతే. అమ్మేది 30 సెంటీమీటర్ల మొక్క, ఫొటోలో ఉన్నది 1.2 మీటర్ల పొద. ఫొటో కింద ‘పూర్తిగా ఎదిగిన పొద, నేపథ్యం ఎడిట్ చేసినది’ అని ఒక వాక్యం, పక్కనే కుండీ సైజు, ఇప్పటి ఎత్తు ఉంటే గొడవ లేదు. నీడలో మాత్రమే బతికే మొక్కని నడి ఎండ లాన్ మధ్యలో అతికిస్తే మాత్రం ఏ వాక్యం కాపాడదు. కొన్నవాళ్లు ఫొటో చూసే నాటుతారు.

చివరి చిక్కు ప్రింటింగ్‌లో వస్తుంది. స్క్రీన్ మీద R 60, G 200, B 40 లాంటి మెరిసే పచ్చ కనిపిస్తుంది కానీ నాలుగు ఇంకుల ప్రింటింగ్‌లో అది రాదు, మసకబారి మురికిపచ్చ అవుతుంది. కోటింగ్ లేని కాగితం మీద ఇంకా ఎక్కువ. View మెనూలో Proof Setup లో ప్రెస్‌వాళ్లు ఇచ్చిన ప్రొఫైల్ పెట్టి, Gamut Warning ఆన్ చేస్తే రాని రంగులన్నీ బూడిద మచ్చలుగా కనిపిస్తాయి. R 98, G 118, B 52 దగ్గర ఆగిన లాన్‌కి ఈ మచ్చలు సాధారణంగా రావు. లాన్ అంతా బూడిదగా మెరిసిందంటే కర్వ్‌లో ఆకుపచ్చ ఛానల్‌ని చాలినంత దించలేదన్నమాట. వెనక్కి వెళ్లి అక్కడే సరిచేయాలి, పైన ఇంకో సాచురేషన్ లేయర్ వేయడం కాదు.